ఓటీ షీటు వేసే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి: మన ‘ఒకటిన్నర’ గురించి ఒక బహిరంగ లేఖ

గోదావరి డెల్టాలోని రొయ్యల ప్లాంట్లలో, ఐస్ ఫ్యాక్టరీల్లో, రైస్ మిల్లుల్లో టైం ఆఫీసు చూసుకుంటూ నెలాఖరుకి జీతాల షీటు వేసే అందరికీ నమస్కారమండీ.

నేనూ మీలో ఒకణ్ణే. భీమవరం వైపు ఒక రొయ్యల ప్లాంటులో పంతొమ్మిదేళ్ళు టైం ఆఫీసులో కూర్చున్నాను. పంచింగ్ మెషిన్లు రాకముందు మస్టర్ పుస్తకంలో ఎర్రపెన్నుతో గీతలు కొట్టిన రోజుల నుంచి, ఎక్సెల్ షీటు యజమాని గారి వాట్సాప్‌కి పంపించే రోజుల దాకా అదే కుర్చీ. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాను. యాజమాన్యాలకి ఉత్తరాలు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మీకే రాస్తున్నాను. ఎందుకంటే చెయ్యి మనది. సంతకం పెద్దవాళ్ళదే అయినా గడిలో ఫార్ములా కొట్టింది మనమే.

మొన్నామధ్య మా వీధి చివరి అమ్మాయి ఒకామె, గ్రేడింగ్ సెక్షన్‌లో పనిచేస్తుంది, పేస్లిప్ పట్టుకుని మా అరుగు మీదకి వచ్చింది. “బాబాయ్ గారూ, ఓటీకి ఒకటిన్నర రేటు ఇస్తన్నామని మేస్త్రీ అంటన్నాడు. నాకు మాత్రం మామూలు కూలి కూడా పడినట్టు లేదు. ఒకసారి చూడండి” అంది. చేతిలో పేస్లిప్‌తో పాటు ఇంకో కాగితం కూడా ఉంది. గోడకి తగిలించే క్యాలెండరు నుంచి చింపిన నెల. పాలవాడి లెక్క, గ్యాస్ బండ తెచ్చిన తారీఖు, వాటి పక్కనే పెన్సిల్‌తో ఎనిమిది–ఎనిమిది, ఎనిమిది–ఎనిమిది అని రాసుకుంది. వచ్చిన టైము, వెళ్ళిన టైము. నేను పంతొమ్మిదేళ్ళలో వేసిన మస్టర్లకన్నా శుభ్రంగా ఉందండీ అది.

లెక్క చూశాను. ఆమె చెప్పింది నిజమే. పేరుకి ఒకటిన్నర రేటే గానీ, ఓటీ గంటకి పడింది మామూలు గంట కూలి కన్నా తక్కువ. ఇది ఎలా కుదురుతుందో చెప్పడానికే ఈ ఉత్తరం. ఆమెని ఎవరూ గుర్తుపట్టకుండా, లెక్క గుండ్రంగా వచ్చేలా అంకెలు కాస్త మార్చాను. తప్పు జరిగిన తీరు మాత్రం మార్చలేదు.

ఆమె బేసిక్ నెలకి 9,360 రూపాయలు. డీఏ 3,120. మొత్తం 12,480. రోజుకి ఎనిమిది గంటల పని, వారానికి ఒక సెలవు. టైం ఆఫీసు వాళ్ళు ఓటీకి గంట రేటు ఎలా కట్టారంటే, బేసిక్ ఒక్కటే తీసుకున్నారు. దాన్ని 30 రోజులతో, మళ్ళీ 8 గంటలతో భాగించారు, అంటే 240తో. గంటకి 39 రూపాయలు వచ్చింది. దానికి ఒకటిన్నర, 58 రూపాయల 50 పైసలు.

ఇప్పుడు ఆమె అసలు గంట కూలి ఎంతో చూడండి. నెలకి ముప్ఫై రోజులున్నా ఆమె పనిచేసేది ఇరవై ఆరు రోజులే. మిగతా నాలుగూ వారపు సెలవులు. ఆ రోజు ఆమె గంట కూడా పని చెయ్యదు కాబట్టి ఆ గంటల్ని భాగహారంలోకి లాగడానికి లేదు. 26 రోజులు, 8 గంటలు, మొత్తం 208 గంటలు. జీతంలో డీఏ కూడా జీతమే. 12,480ని 208తో భాగిస్తే గంటకి సరిగ్గా 60 రూపాయలు.

పొద్దున్న పదింటికి టేబుల్ దగ్గర నిలబడి రొయ్య గ్రేడు చేసిన గంటకి 60 రూపాయలు. రాత్రి ఏడింటికి కాళ్ళు లాగుతుంటే అదే టేబుల్ దగ్గర నిలబడ్డ గంటకి 58 రూపాయల 50 పైసలు. ఒకటిన్నర అని పేరు పెట్టి ఒకటి కన్నా తక్కువ ఇచ్చాం. రూపాయిన్నర తేడాయే కదా అనుకోకండి. ఓటీకి ఎక్కువ రేటు పెట్టిందే పని ఎనిమిది గంటలతో ఆగాలని, ఆగకపోతే యజమానికి కాస్త నొప్పి తెలియాలని. ఇక్కడ తొమ్మిదో గంట ఎనిమిదో గంట కన్నా చవగ్గా దొరుకుతోంది. అలాంటప్పుడు కొత్తగా పదిమందిని పనిలోకి ఎవరు తీసుకుంటారు? పట్టుబడి సీజన్లో లారీలు వరస కడితే ఉన్నవాళ్ళనే రాత్రి దాకా నిలబెట్టడం లాభంగా కనపడుతుంది. కనపడటం ఏమిటి, లాభమే.

ఆ 240 ఎవరు పెట్టారు అంటే, మా ప్లాంటులో నేనే పెట్టాను. నా ముందున్న పెద్దాయన పుస్తకంలో అలాగే ఉండేది, నేను దాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కించాను. అడగాలని నాకు తోచలేదు, నన్ను ఎవరూ అడగలేదు. అదే గ్రాట్యుటీ కట్టేటప్పుడు నెల జీతాన్ని 26తో భాగించేవాణ్ణి, ఎందుకంటే ఆ చట్టంలో 26 అని రాసే ఉంది. ఒకే మనిషికి, ఒకే జీతానికి, ఒక షీటులో 26, ఇంకో షీటులో 30. రెండూ నా కంప్యూటర్లోనే పక్కపక్కనే ఉండేవి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

“నెల జీతం ముప్ఫై రోజులకీ ఇస్తున్నాం కదా, ఆదివారం జీతం కూడా అందులో ఉంది కదా” అని మీ మేనేజరు అంటారు. నాతోనూ అన్నారు. దానికి నేను తర్వాతెప్పుడో కనిపెట్టిన జవాబు చెబుతాను. అదే సెక్షన్‌లో రోజుకూలీ మీద ఉన్న మనిషిని చూడండి. ఆమె రోజు కూలి 480 అయితే 26 రోజులకి 12,480 అవుతుంది. ఆమె గంట రేటు ఎంత అని అడిగితే ఎవరైనా 480ని ఎనిమిదితో భాగించి 60 అంటారు. పక్క టేబుల్ దగ్గర నెల జీతం మీద ఉన్నామె గంట రేటు 52 అవుతుందా? 12,480ని 240తో భాగిస్తే వచ్చేది అదే మరి. ఒకే పని, ఒకే డబ్బు, రెండు రేట్లు. తప్పు ఎక్కడుందో అక్కడే తెలిసిపోతోంది.

ఇక ఒకటిన్నర సంగతి.

ఈ ఒకటిన్నర మన ప్లాంట్లలోకి ఎక్కడి నుంచి వచ్చిందా అని నేను చాలాకాలం ఆలోచించాను. ఒకరోజు మా అబ్బాయి ఇంజనీరింగ్ ల్యాబ్ రికార్డు తిరగేస్తుంటే దొరికింది. ‘ఒక కార్మికుడు వారానికి పనిచేసిన గంటలు, గంట రేటు ఇస్తే, 40 గంటలు దాటిన వాటికి ఒకటిన్నర రెట్లు చొప్పున జీతం కట్టే ప్రోగ్రాం రాయండి.’ కంప్యూటర్ నేర్చుకున్న ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు రాసిన లెక్కే ఇది. మీలో చాలామంది కూడా రాసే ఉంటారు. లెక్కలో తప్పేమీ లేదు. కాకపోతే అది అమెరికా లెక్క. అక్కడ 1938లో చేసిన ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం ప్రకారం వారానికి 40 గంటలు దాటితే, దాటిన ప్రతి గంటకీ మామూలు రేటుకి ఒకటిన్నర రెట్లకి తగ్గకుండా ఇవ్వాలి. పాఠ్యపుస్తకాలు అక్కడివి కాబట్టి అంకెలూ అక్కడివే.

మనకి ఫ్యాక్టరీల చట్టం 1948లో వచ్చింది. అందులో 59వ సెక్షన్, రోజుకి 9 గంటలు గానీ వారానికి 48 గంటలు గానీ దాటితే రెండింతలు ఇవ్వాలంది. ఒకటిన్నర అని ఫ్యాక్టరీ కార్మికుల విషయంలో ఎక్కడా లేదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో కూడా, వేతనాల కోడ్ చూసినా, వృత్తి భద్రత కోడ్ చూసినా, రెండింతలే ఉంది. కాబట్టి ‘కొత్త చట్టం వచ్చాక మారిపోయిందంట’ అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఒకటిన్నర పెట్టుకున్నవాళ్ళు అమెరికా చట్టాన్ని పూర్తిగా తెచ్చుకున్నా కొంత నయమే. వాళ్ళ 40 గంటలు వదిలేసి ఒకటిన్నర ఒక్కటే తెచ్చుకున్నారు. మన రెండింతలు వదిలేసి 48 గంటలు ఒక్కటే ఉంచుకున్నారు. గంటకి 60 రూపాయల మీద వారానికి 66 గంటలు పనిచేసిన మనిషికి ఏమవుతుందో చూడండి. అమెరికా పద్ధతిలో 40 గంటలకి 2,400, మిగతా 26 గంటలకి 90 చొప్పున 2,340, మొత్తం 4,740. మన చట్టం ప్రకారం 48 గంటలకి 2,880, మిగతా 18 గంటలకి 120 చొప్పున 2,160, మొత్తం 5,040. ఈ కలగాపులగం పద్ధతిలో 2,880కి తోడు 18 గంటలకి 90 చొప్పున 1,620, మొత్తం 4,500. రెండు దేశాల్లో ఏ దేశం ఇచ్చేదాని కన్నా తక్కువ. ఏ ప్రభుత్వమూ చెయ్యని చట్టం మనం ఎక్సెల్‌లో చేశామండీ.

ఒకటిన్నరకి మన దేశంలో అసలు చోటే లేదా అంటే, ఒకప్పుడు ఉండేది. కొత్త కోడ్‌లు రాకముందు, కనీస వేతనాల కేంద్ర నిబంధనలు 1950లో, 25వ నిబంధనలో ఉండేది. వ్యవసాయ పనికి ఓటీ ఒకటిన్నర రెట్లు, మిగతా పనులకి రెండింతలు. ఇది పట్టుకుని ఒక మేనేజరు గారు నాతో వాదించారు. “రొయ్య చెరువులో పండేదే కదయ్యా, మనది వ్యవసాయం కాదా?” అన్నారు. ఆయ్, చెరువు గట్టు మీద మేత చల్లే మనిషి విషయంలో ఆ వాదన ఎవరైనా వినచ్చేమో. లారీ గేటు లోపలికి వచ్చి, రొయ్య ఐసు నీళ్ళలో కడిగి, తల తీసి, గ్రేడు చేసి, ప్లేట్ ఫ్రీజర్‌లోకి ఎక్కించే షెడ్డులో మూడొందల మంది పనిచేస్తుంటే, కంప్రెసర్ల చప్పుడుకి పక్కవాడి మాట వినపడకపోతుంటే, అది ఫ్యాక్టరీ కాక వరిచేను ఎలా అవుతుంది? ఆయన కరెంటు బిల్లు మాత్రం పరిశ్రమ పేరు మీదే కట్టేవారు.

“అమ్మాయిలు ఒప్పుకున్నారు, కాగితం మీద సంతకం కూడా పెట్టారు” అనే మాట కూడా వస్తుంది. చట్టం ఇచ్చినదాని కన్నా తక్కువకి ఒప్పుకున్న కాగితం చెల్లదు. ఆ కాగితం ఫైల్లో పెట్టుకోవడమంటే, తక్కువ ఇస్తున్నామని తెలిసే ఇచ్చామని మన చేత్తో మనమే రాసిచ్చినట్టు.

మూడోది గంటలు. ఇది చెప్పాలంటే ఆ అమ్మాయి క్యాలెండరులో ఒక్క వారం తీసుకుంటే చాలు.

సోమవారం నుంచి శనివారం దాకా రోజూ పొద్దున్న ఎనిమిదికి లోపలికి, రాత్రి ఎనిమిదికి బయటికి. అన్నానికి అరగంట, సాయంత్రం టీకి అరగంట తీసేస్తే పని 11 గంటలు. ఆరు రోజులకి 66. పేస్లిప్‌లో ఆ వారానికి ఓటీ 12 గంటలే పడింది. ఎలా? రోజుకి 9 గంటలు దాటితేనే ఓటీ అని చదివారు. 11లో 9 పోతే 2, ఆరు రోజులకి 12. ఫ్యాక్టరీల చట్టంలో ఆ ముక్క ఉన్నమాట నిజమే. కానీ అదే వాక్యంలో వారానికి 48 అని కూడా ఉండేది. 66లో 48 పోతే 18. ఆరు గంటలు వాక్యం సగంలో చదవడం ఆపినందుకు పోయాయి.

రెండు పద్ధతుల్లో ఏది తీసుకోవాలి? కొత్త వృత్తి భద్రత కోడ్ 27వ సెక్షన్ తేటగా చెప్పింది, రోజు లెక్కా వారం లెక్కా రెండూ కట్టి కార్మికుడికి ఏది లాభమో అది ఇవ్వాలని. ఎప్పుడూ వారం లెక్కే ఎక్కువ రాదు. ఆమె ఒకరోజు నాగా పెట్టిందనుకోండి. ఐదు రోజులు, 55 గంటలు. వారం లెక్కన 7 గంటల ఓటీయే. రోజు లెక్కన, ఆ 9 గంటల పరిమితి మీదే, రెండేసి చొప్పున 10. అప్పుడు 10 ఇవ్వాలి. నాగా పెట్టిన రోజుని తెచ్చి మిగతా రోజుల ఓటీలో మినహాయించేవాళ్ళని చూశాను. ఆ పని చెయ్యకండి. నాగాకి జీతం కోత ఎలాగూ వేశాం కదా, ఒకే రోజుకి రెండుసార్లు కోస్తామా?

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. వారానికి 66 గంటలు పనిచేయించడమే ఒక తప్పు. ఫ్యాక్టరీల చట్టంలో ఓటీతో కలిపినా వారానికి 60 దాటకూడదని ఉండేది. మనవాళ్ళు అందుకే ఆ పైగంటల్ని రిజిస్టర్లో ఎక్కించరు. ఇన్‌స్పెక్టర్ వస్తే చూపించడానికి ఒక మస్టర్, జీతానికి ఇంకో చిన్న పుస్తకం. ఆ చిన్న పుస్తకం నేనూ రాశాను. గంటలు పరిమితి దాటినందుకు యాజమాన్యం జవాబు చెప్పుకోవాలి గానీ, ఆ గంటల కూలి మాయం చేస్తే తప్పు ఒకటికి రెండవుతుంది.

నెల చివర్లో జరిగేది ఇంకోటుంది. చాలామంది కావాలని చెయ్యరు, షీటే అలా ఉంటుంది. జీతం నెలకి, ఓటీ వారానికి. మన షీటులో 1 నుంచి 7 ఒక వారం, 8 నుంచి 14 ఒక వారం, అలా 28తో ఆగుతుంది. 29, 30, 31 మిగిలిపోతాయి. మూడు రోజులు పదకొండేసి గంటలు చేసినా 33 గంటలే, 48 రాదు కాబట్టి ఓటీ సున్నా అని షీటు చెబుతుంది. మళ్ళీ ఒకటో తారీఖు నుంచి కొత్త లెక్క. వారం అంటే మీ ప్లాంటు నోటీసు బోర్డు మీద ఏ రోజు నుంచి ఏ రోజు అని పెట్టారో అదే, అది నెల మారినా తెగకూడదు. నెలాఖరులో సగం పడిన వారాన్ని తర్వాతి నెల షీటులోకి తీసుకెళ్ళి పూర్తిగా కట్టండి. డబ్బు ఒక నెల ఆలస్యంగా వస్తుందని కార్మికులకి ముందే చెబితే అర్థం చేసుకుంటారు. నేను చెప్పి చూశాను, ఎవరూ గొడవ పెట్టలేదు.

ఆ ఒక్క వారానికి డబ్బు ఎంత తేడా వచ్చిందో చెబుతాను. ఆమెకి ఇచ్చింది 12 గంటలు, 58.50 చొప్పున, 702 రూపాయలు. గంటలు ఒక్కటే సరిచేసి 18 చేస్తే 1,053. ఆ తర్వాత గంట రేటు 39 నుంచి 60 చేసి, ఒకటిన్నర అలాగే ఉంచితే 1,620. ఆఖరికి ఒకటిన్నర తీసి రెండు పెడితే 2,160. రావలసింది 2,160, వచ్చింది 702. మూడో వంతు కూడా లేదు.

ఇందులో నన్ను ఆశ్చర్యపరిచింది ఏమిటంటే, యూనియన్ వాళ్ళు ఎప్పుడు వచ్చినా “ఒకటిన్నర కాదు, డబుల్ ఇవ్వాలి” అని దాని మీదే పోట్లాడేవారు. అది న్యాయమైన పోట్లాటే. కానీ లెక్కలో చూస్తే అన్నిటికన్నా ఎక్కువ పోయింది గుణకం దగ్గర కాదు, దాని కింద కూర్చున్న గంట రేటు దగ్గర. 39 రూపాయలకి డబుల్ ఇచ్చినా 78. 60కి నిజాయితీగా ఒకటిన్నర ఇచ్చినా 90. కాబట్టి “మేం డబుల్ ఇస్తున్నాం” అని బోర్డు పెట్టిన ప్లాంటు, ఒకటిన్నర ఇచ్చే ప్లాంటు కన్నా తక్కువ ఇస్తూ ఉండచ్చు. పేస్లిప్‌లో ‘ఓటీ మొత్తం’ అని ఒక్క అంకె వేస్తే ఇది ఎవరికీ తెలీదు.

ఇప్పుడు ఎక్సెల్ దగ్గరికి వద్దాం. మీలో చాలామంది షీటులో ఉన్న ఫార్ములా, బేసిక్ `B2`లో, డీఏ `C2`లో, పంచింగ్ మెషిన్ ఇచ్చిన ఓటీ టైము `D2`లో ఉంటే, దాదాపు మొదటి వరసలా ఉంటుంది. ఉండాల్సింది రెండోది.

```
=B2/240*1.5*D2
=(B2+C2)/208*2*(D2*24)
```

చివర్లో ఆ 24 ఎందుకో చెప్పకపోతే ఎవరో ఒకరు తీసేస్తారు. పంచింగ్ మెషిన్ నుంచి వచ్చిన టైము ఎక్సెల్‌లో `2:45` అని కనపడుతుంది గానీ, లోపల అది రోజులో ఎన్నో వంతో ఆ భిన్నంగా ఉంటుంది. రెండు గంటల నలభై అయిదు నిమిషాలంటే దానికి 0.1146 రోజు. దాన్ని నేరుగా 120తో హెచ్చిస్తే 13 రూపాయల 75 పైసలు వస్తుంది. మనం ఏం చేస్తాం? ఎక్సెల్‌కి పిచ్చి పట్టిందని ఆ గడిలో చేత్తో `2.45` అని కొడతాం. ఇప్పుడు 294 వస్తుంది, బాగానే ఉంది కదా అని ముందుకి పోతాం. బాగాలేదు. నలభై అయిదు నిమిషాలంటే ముప్పావు గంట, 2.75. రావలసింది 330. ఒక్క మనిషికి, ఒక్క రోజుకి 36 రూపాయలు. ఈ తప్పులో తమాషా ఏమిటంటే అది ఎప్పుడూ కార్మికుడికే నష్టం. నిమిషాలు అరవై దాకానే ఉంటాయి, దశాంశం వంద దాకా పోతుంది. కాబట్టి చేత్తో కొట్టిన ప్రతిసారీ కొంత తగ్గుతుందే గానీ పొరపాటున కూడా పెరగదు. మీ షీటులో ఓటీ కాలమ్ ఒకసారి పైనుంచి కిందకి చూడండి. చుక్క తర్వాత 15, 30, 45 తప్ప ఒక్క 25 గానీ 75 గానీ కనపడకపోతే మీ షీటులో ఈ తప్పు ఉన్నట్టే.

నెల మొత్తం కూడినప్పుడు ఇంకో మోసం ఉంది. మొత్తం 26 గంటల 30 నిమిషాలు అయితే, మామూలు టైము ఫార్మాట్‌లో గడిలో `2:30` అని కనపడుతుంది. 24 గంటలు దాటగానే ఒక రోజు అయిపోయిందని ఎక్సెల్ దాన్ని దాచేస్తుంది. లోపల విలువ సరిగ్గానే ఉంటుంది, మనం కనపడ్డది చూసి పేస్లిప్‌లో ఎక్కిస్తే ఒక మనిషి రోజంతా చేసిన ఓటీ మాయమవుతుంది. ఆ గడి ఫార్మాట్ `[h]:mm` అని మార్చండి, 26:30 అనే చూపిస్తుంది.

కిలో లెక్క మీద తొక్క తీసే పీలింగ్ వాళ్ళ సంగతి అడుగుతారని తెలుసు. వాళ్ళకి ఓటీ లేదనుకోవడం తప్పు. ఫ్యాక్టరీల చట్టంలోనే దారి చూపించారు. ఓటీ చేసిన నెలకి ముందు నెలలో, అదే పనిలో, వాళ్ళు నిజంగా పనిచేసిన రోజుల సగటు సంపాదన, ఓటీ కలపకుండా తీసుకోవాలి. దాన్నే మామూలు రేటు అనుకుని దానికి రెండింతలు కట్టాలి. ఇది కట్టాలంటే కిలోల పుస్తకం రోజువారీగా, మనిషివారీగా ఉండాలి. చాలాచోట్ల గుంపు పేరు మీద, మేస్త్రీ పేరు మీద ఉంటుంది. అక్కడ మన ఫార్ములాలు పనికిరావు, ముందు పుస్తకం మారాలి.

ఇవన్నీ మీరు చెబితే యజమాని గారు ఒక్కసారే ఒప్పుకుంటారని నేను అనను. నా మాట మా ప్లాంటులో సగమే చెల్లింది. 240 పోయి 208 వచ్చింది, ఒకటిన్నర మాత్రం నేను బయటికి వచ్చేదాకా అలాగే ఉంది. కానీ ఆయనకి అర్థమయ్యే భాషలో చెప్పచ్చు. వేతనాల కోడ్ ప్రకారం తక్కువ ఇచ్చిన జీతం కోసం మూడేళ్ళ దాకా వెనక్కి వెళ్ళి క్లెయిము వెయ్యచ్చు. వారానికి 1,458 రూపాయలు తేడా ఉన్న మనిషి ఒక్కరు, సీజన్లో అలాంటి వారాలు పది వస్తే ఏడాదికి 14,580. అలాంటి వాళ్ళు వంద మంది అయితే 14 లక్షల 58 వేలు. మూడేళ్ళకి ఎంతో ఆయనే కట్టుకుంటారు, ఆ లెక్క ఆయనకి మనకన్నా తొందరగా వస్తుంది.

మీ చేతిలో పూర్తిగా ఉన్న పని ఒకటుంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పేస్లిప్‌లో ఓటీ అని ఒక గడి ఉన్నచోట నాలుగు గడులు పెట్టండి. ఓటీ గంటలు, గంట రేటు, ఎన్ని రెట్లు, మొత్తం. గంట రేటు దగ్గర 39 అని ప్రింటవుతుంటే, తన రోజు కూలిని ఎనిమిదితో భాగించడం ప్రతి ఆడమనిషికీ వచ్చు. ఆ తర్వాత అడగాల్సింది వాళ్ళే అడుగుతారు.

మా వీధి అమ్మాయి ఆ క్యాలెండరు కాగితం నా దగ్గరే వదిలి వెళ్ళింది. వెనక నెలలవి కూడా ఉన్నాయట, బియ్యం డబ్బా కింద పరిచిందట. తెచ్చి ఇస్తానంది. అవి వచ్చాక, ముందుగా 29, 30, 31 తారీఖులు చూడాలని పెట్టుకున్నాను.